పవర్ ఫ్యాక్టరూ ఒక అట్టముక్కా

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లోనూ మా కంపెనీలోనూ అందరికీ తెలుసు. ఆ కోపంలో నేనన్న ఒక్క మాట వల్ల ఒక పెద్దమనిషి నౌకరీ పోయేదాకా వచ్చిందని మాత్రం ముగ్గురికే తెలుసు. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని కాబట్టి దాచకుండా రాస్తాను.

పటాన్‌చెరులో మందుల కంపెనీలకు అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీ మాది. నేను సంగారెడ్డిలో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, బీరంగూడలో కిరాయికి ఉంటూ, అక్కడ ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా చేరి అప్పటికి రెండున్నరేళ్లు. నా కింద ఒకే ఒక మనిషి. నాకంటే ముప్పై ఏళ్లు పెద్దవాడు. మొదటిరోజే "నన్ను కాక అను, పేరు పెట్టి పిలువకు. నిన్ను మేడమ్ గీడమ్ అన నేను" అన్నాడు. అప్పటినుంచి నాకు ఆయన కాక, ఆయనకు నేను బిడ్డ. కూలికి గోడలు తవ్వి పైపులు వేయడానికి వచ్చి, చూసి చూసి పని నేర్చుకుని, ఇరవై రెండేళ్లుగా ఆ షెడ్డులోనే ఉన్నాడు. మోటారు మీద అరచెయ్యి పెట్టి బేరింగు పోయిందో లేదో చెప్పేవాడు. చదువు మాత్రం రాదు. అంకెలు వచ్చు, సంతకం వచ్చు, అంతే. లైసెన్సు కూడా లేదు.

ఆ నెల కరెంటు బిల్లు వచ్చిన రోజు మా కంపెనీ ఓనరు సారు మా ఇద్దరినీ ఆఫీసుకు పిలిచారు. బిల్లులో ఒక గడి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. పవర్ ఫ్యాక్టర్, 0.76. అంతకు ముందు నెల 0.81, ఆ ముందు 0.85.

"మనం చేసిన పెట్టెలు పోయిన నెలకంటే తక్కువ. బిల్లు ఎక్కువ. ఎట్లమ్మా?" అన్నారు సారు.

నాకు పుస్తకంలో చదివిన జవాబు తెలుసు. మోటారు తిరగాలంటే ముందు తనలో తాను అయస్కాంతం పుట్టించుకోవాలి. దానికోసం కొంత కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, పని మాత్రం చేయదు. పని చేసినా చేయకపోయినా తీగలు దాన్ని మోయాల్సిందే, మా మీటరు దాన్నీ కలిపే లెక్కేస్తుంది. లాగిన మొత్తంలో నిజంగా పనికి వచ్చిన వంతే పవర్ ఫ్యాక్టర్. ఒకటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. వస్తూ పోతూ ఉండే ఆ కరెంటును బయటినుంచి లాగకుండా ఇంట్లోనే సర్దిపెట్టడానికి కెపాసిటర్ల ప్యానెల్ ఉంటుంది. మాకూ ఉంది. రోజూ పొద్దున నేనే చూసి పుస్తకంలో "కెపాసిటర్ ప్యానెల్ ఓకే" అని రాస్తున్నాను.

అది చెప్పాను. సారు సొరుగులోంచి ఒక కాగితాల కట్ట తీశారు. బయటి కంపెనీ ఒకటి మా ఎలక్ట్రికల్ పనంతా కాంట్రాక్టుకు తీసుకుంటామని ఇచ్చిన ఒప్పందం.

"వాళ్లు లైసెన్సు లేని మనిషిని ప్యానెల్ ముట్టనియ్యరంట. నిన్ను ఉంచుకుంటరు. పెద్దాయననే..." అని కాక వైపు చూసి ఆగిపోయారు.

కాక చేతిలోని టెస్టరును జేబులో పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. యాభై ఆరేళ్ల వయసులో, కాగితం లేని మనిషిని ఇంకో గేటు దగ్గర ఎవరు లోపలికి రానిస్తారు? నాకు చెవులు వేడెక్కాయి.

"సార్, ఈ నెల రీడింగ్ వరకు ఆగండి. 0.95 కి తెస్తం."

"వచ్చే బిల్లుల 0.95 చూపిస్తవా?"

నోరు జారబోయి ఆపుకున్నాను. బిల్లులో ఉండేది నెల మొత్తం మీద సగటు. అప్పటికే ఈ నెలలో పది రోజులు పాడయ్యాయి. మిగతా రోజులు బంగారంలా నడిచినా సగటు అంత దూరం రాదు. అదే చెప్పాను. "ఆఖరి వారం రీడింగ్ విడిగ తీస్త సార్. మొదటిరోజు మీటరు ఫోటో, ఆఖరు రోజు ఫోటో. ఆ ఏడు రోజులల్ల 0.95 లేకపోతే మీరు సంతకం పెట్టుకోండి."

సారు సరేనన్నారు. మెట్లు దిగుతూ కాక, "గంత మాట ఎందుకిచ్చినవ్ బిడ్డా? తేకపోతే?" అన్నాడు.

"తెస్తం" అన్నాను. ఎట్లాగో మాత్రం తెలియదు. కానీ నాకు పట్టింది భయం కాదు, ఉత్సాహం. డిప్లొమా అయిన తర్వాత మొదటిసారి నాకొక నిజమైన లెక్క దొరికింది.

నేరుగా కెపాసిటర్ ప్యానెల్ దగ్గరికి పోయాము. బీరువాలాంటి పెట్టె. లోపల ఐదు కెపాసిటర్లు, ముందు తలుపు మీద ఐదు పచ్చ దీపాలు, పైన ఒక చిన్న కంట్రోలర్. ఎన్ని అవసరమైతే అన్నింటిని అదే వేస్తుంది, అదే తీస్తుంది. ఐదు దీపాలూ కళకళలాడుతున్నాయి. కంట్రోలర్ మీద అంకె మాత్రం 0.76.

"అన్ని నడుస్తున్నయి గదా" అన్నాడు కాక.

నేను కూడా రెండున్నరేళ్లుగా అదే అనుకున్నాను. కానీ ఆ రోజు కోపంగా ఉన్నాను కాబట్టి దీపాలను నమ్మలేదు. తీగను ముట్టకుండానే కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తెచ్చి, మొదటి కెపాసిటరుకు పోయే తీగ చుట్టూ పెట్టాను. ముప్పై ఒక్క ఆంపియర్లు. అంత ఉండాల్సిందే. రెండోది, పదిహేను. సగం. మూడోది సున్నా. మీటరు సరిగ్గా పట్టలేదేమోనని మళ్లీ పెట్టాను. సున్నా. నాలుగోది సున్నా. ఐదోది సున్నా.

"కాకా! మూడు చచ్చిపోయినయి! ఒకటి చావుబతుకుల మీదున్నది!"

నిజం చెప్తున్నాను, గంతులేశాను. చావు కబురును అంత సంతోషంగా చెప్పినదాన్ని నేనే అయ్యుంటాను. అట్టలు మోసుకుపోతున్న బీహారు కుర్రాళ్లు ఆగి చూశారు.

దీపం వెలిగేది స్విచ్చి పడిందని చెప్పడానికి మాత్రమే. దాని వెనక కెపాసిటరు బతికుందా లేదా అన్నది దీపానికేం తెలుసు? నేను రోజూ దీపాలు లెక్కపెట్టి ఓకే అని రాస్తున్నాను. ఆ పుస్తకం గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది.

ప్యానెల్ ఆపేశాము. నేను వెంటనే చెయ్యి పెట్టబోతే కాక నా మణికట్టు పట్టుకుని ఆపాడు. "ఆగు. కరెంటు పోయినా దీని కడుపుల ఉంటది. ఐదు నిమిషాలు జేబుల చేతులు పెట్టుకో." పెట్టుకున్నాను. ఐదు నిమిషాలయ్యాక మీటరు పెట్టి, లోపల ఏమీ మిగల్లేదని చూసుకుని, వెనక తలుపు తీశాను.

వేడిగాలి మొహానికి కొట్టింది. చచ్చిపోయిన మూడు డబ్బాల మూతలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఎందుకింత వేడి? తలుపును తిప్పి చూస్తే, గాలి ఆడడానికి ఉండే సందులన్నిటినీ లోపలివైపు నుంచి అట్టతో మూసేసి ఉన్నారు. మా కంపెనీ అట్టే. అంచులు ముడతపడకుండా, జిగురుతో ఎంతో ముచ్చటగా అతికించి ఉంది.

మా దగ్గర అదొక అలవాటు. అట్టల కంపెనీలో అట్టతో కాని పని లేదు. కుర్చీ ఊగితే కాలి కింద అట్ట, కిటికీ అద్దం పగిలితే అట్ట, వాన చినుకు పడితే నెత్తిమీద అట్ట. ఇప్పుడు కెపాసిటర్లకు కూడా దుప్పటి కప్పారు. వేడి బయటికి పోయే దారి లేక అవి లోపలే ఉడికి చచ్చాయి.

"ఎవరు పెట్టింరు కాకా ఇది?"

"నేనే పెట్టిన" అన్నాడు.

"నువ్వే పెట్టినవా?" అని అరిచి, ఆ రెండు అట్టలనూ చించి పీకి మూలకు విసిరేశాను. జిగురుతో కొంత రంగు కూడా ఊడొచ్చింది. సరిగ్గా అప్పుడే సారు అటు వచ్చారు. ఏమైందని అడిగారు. అప్పుడు నేను ఆ మాట అన్నాను. "ఏమున్నది సార్, కాక గాలి సందులు మూసేసిండు. కెపాసిటర్లు ఉడికిపోయినయి."

కాక నేలవైపు చూశాడు. సారు కాకవైపు చూశారు. అవును అని గానీ కాదు అని గానీ కాక అనలేదు. నాకు అప్పుడు అందులో వింతేమీ కనబడలేదు. దొరికిపోయాడు కాబట్టి మాట్లాడటం లేదనుకున్నాను.

మరుసటి రోజు సారు రాణిగంజ్ బజారునుంచి నాలుగు కొత్త కెపాసిటర్లు తెప్పించారు. మధ్యాహ్నానికి బిగించాము. సందులు తెరిచే ఉంచాము. ప్యానెల్ వేసి, కంట్రోలర్ ముందు ఇద్దరం క్రికెట్ స్కోరు చూసినట్టు నిలబడ్డాము. మొదటి దీపం, 0.74. రెండోది, 0.78. ఒక్కొక్క దీపాన్ని ఆగి ఆగి వేస్తుంది అది. 0.83. 0.88. ఐదోది పడింది. 0.92.

అక్కడే ఆగింది.

ఇంకో నిమిషం చూశాము. అంకె కదల్లేదు. "అయిపోయిందా?" అన్నాడు కాక. అయిపోయింది. ఐదు కెపాసిటర్లూ ప్రాణంతో పనిచేస్తున్నాయి, చాలడం లేదు. ఇంకో రెండు కొనమని సారును అడగొచ్చు. అడిగితే, ఇదే ప్యానెల్ కొన్నప్పుడు సరిపోయింది కదా, ఇప్పుడెందుకు చాలదంటారు. ఆ ప్రశ్న నాకే పట్టుకుంది. మిషన్లు అవే. పని అంతే. మరి అయస్కాంతపు కరెంటు అంత ఎవరు తాగుతున్నారు?

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున్నే మొదటి ఆటో ఎక్కి పోయి, మోటార్లను ఒక్కొక్కటే కొలవడం మొదలుపెట్టాను. క్లాంపు ఈసారి పవర్ కూడా చూపించే రకం, పక్క కంపెనీలో పనిచేసే నా క్లాస్‌మేటును బతిమాలి తెచ్చాను. పెద్ద మిషన్ల మోటార్లు బాగానే ఉన్నాయి. జిగురు వండే గదికి పోయాను. జిగురు కలిపే మోటారు మీద పలక చూస్తే పదిహేను హార్స్ పవర్. నిండుగా పనిచేస్తే ఇరవై ఒక్క ఆంపియర్లు లాగాలి. ఎనిమిదిన్నర లాగుతోంది. అందులో నిజంగా పనికి పోతున్నది రెండు కిలోవాట్లు కూడా లేదు. దాని పవర్ ఫ్యాక్టర్ 0.31.

ఐదు హార్స్ పవర్ చాలు ఆ గిన్నెకు! మిషన్‌తో పాటు వచ్చిన కాగితాలు వెతికితే అందులోనూ ఐదే రాసి ఉంది.

తునకలు పీల్చే బ్లోయర్, ఏడున్నర ఉండాల్సిన చోట ఇరవై. తుక్కును మోసే బెల్టు, మూడు ఉండాల్సిన చోట పది. నీళ్ల పంపు అంతే. ఒక్కొక్కటి దొరుకుతుంటే నాకు వేటగాడికి పట్టినట్టు పట్టింది. అన్నం మానేశాను. "మేడమ్, ఖానా?" అని అడిగిన బెల్టు ఆపరేటర్‌ను చెయ్యూపి పంపేశాను. సాయంత్రానికి తొమ్మిది తేలాయి.

మోటారు చిన్న పని చేసినా పెద్ద పని చేసినా, తనలో అయస్కాంతం పుట్టించుకోవడానికి లాగే కరెంటు దాదాపు ఒకటే. పెద్ద మోటారుకు పెద్ద అయస్కాంతం. పని లేకపోయినా అది ఖర్చే. కాకకు ఇదంతా చెప్తే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "కిలో టమాటల కోసం డీసీఎం లారీ కట్టుకొని మార్కెట్‌కు వోయినట్టు."

"అవును! మరి డీసీఎంలు ఎవరు పెట్టింరు?"

ఈసారి కూడా "నేనే" అన్నాడు. కానీ ఈసారి నేను అరవలేదు, ఎందుకో అడిగాను.

ఆయన బెల్టు పక్కన కూర్చుని చెప్పాడు. వెనకటికి మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు ఆగేది కాదు, మిగిలిన రెండిటి మీద మూలుగుతూ తిరిగి తిరిగి కాలేది. ఒకసారి జిగురు మోటారు కాలి రోజంతా లైను బందయితే, అప్పటి మేనేజరు అందరి ముందూ తిట్టి ఆయన రోజుకూలి కోశాడు. ఆ తర్వాతినుంచి కాలిన చోటల్లా గోదాములో ఉన్నవాటిలోంచి పెద్ద మోటారు పెట్టడం మొదలుపెట్టాడు. "పెద్దది పెట్టిన. మళ్ల కాలలే. ఒక్కటి కూడ కాలలే బిడ్డా. నాకు గదే తెలుసు."

ఆయన లెక్క తప్పు కాదు. కాలకపోవడం ఒక్కటే చూస్తే ఆయనదే గెలుపు. ఇప్పుడైతే ఫేజు పోగానే ఆపేసే రిలేలు అన్నిటికీ ఉన్నాయి, నేను వచ్చిన ఏడాదే పెట్టించాను. చిన్న మోటారు పెట్టినా కాలదని చెప్పాను.

"అయితే కొననీకి ఎంతయితది? తొమ్మిది మోటర్లు..." అని నేను గొణుగుతుంటే కాక లేచి నిలబడ్డాడు. "కొనుడెందుకు?" అన్నాడు.

నన్ను గోదాము వెనక్కి తీసుకుపోయాడు. పాత టార్పాలిన్ లాగాడు. దాని కింద, కాలిపోయిన చిన్న మోటార్లన్నీ తిరిగి వైండింగ్ చేయించి, రంగు వేసి, వరసగా పెట్టి ఉన్నాయి. పక్కనే ప్రతిదాని బెల్టు చక్రం, కింద బిగించే పాత ఇనుప పలక. ఒక్కొక్క దాని మీద సుద్దముక్కతో బొమ్మ. గిన్నె బొమ్మ ఉన్నది జిగురు గదిది. రెక్కల బొమ్మ బ్లోయర్‌ది. నీటిచుక్క పంపుది. చదువు రాని మనిషి రాసుకున్న రిజిస్టరు అది. నా చేతిరాత పుస్తకం కంటే నిజమైనది.

"కాకా, నువ్వు మామూలోడివి కావు!" అని కేక పెట్టాను. ఆయన నవ్వాడు, బిల్లు వచ్చిన తర్వాత అదే మొదటి నవ్వు. "పారెయ్య బుద్ది గాలే. ఎప్పటికన్న పనికొస్తయని ఉంచిన."

ఆదివారం కంపెనీకి సెలవు. పొద్దున ఆరింటికే ఇద్దరం చేరాము. సారు ఇంకో ఇద్దరు హెల్పర్లను ఇచ్చారు. పెద్ద మోటారు దించడం, పాత పలక బిగించడం, చిన్నది ఎక్కించడం, చక్రం మార్చడం, బెల్టు సరిచేయడం. చిన్న మోటారు పెట్టిన చోటల్లా రిలేను కూడా దాని కరెంటుకు తగ్గించి పెట్టాను, లేకపోతే మళ్లీ వెనకటి కథే. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది తుక్కు బెల్టు మోటారు, గోడకూ మిషన్‌కూ మధ్య ఇరుక్కుని ఉంది. దాన్ని దించాలంటే మిషన్ జరపాలి.

"దీన్ని దించొద్దు. స్టార్‌ల కడ్దం" అన్నాడు కాక.

నేను ఒక్క క్షణం ఆగి, తొడ చరిచాను. తీగలను డెల్టా అనే కలయిక నుంచి స్టార్ అనే కలయికకు మారిస్తే అదే మోటారు చిన్న మోటారులా నడుస్తుంది, అయస్కాంతానికి తక్కువ లాగుతుంది. బలం మూడో వంతుకు పడిపోతుంది, కానీ ఆ బెల్టుకు ఆ మూడో వంతు చాలు. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతి. సందు ముందు నిలబడి గుర్తు తెచ్చుకున్నది మాత్రం కాక.

ఆ సందులోకి నేనే దూరాలి, కాక పట్టడు. నేలంతా నూనె. "మోకాళ్ల కింద ఇది ఏస్కో" అని కాక మూలలోంచి ఒక అట్ట తెచ్చి పరిచాడు. మోకాలు పెట్టబోతూ చూశాను. అట్ట మీద అక్కడక్కడా ఊడిన ప్యానెల్ రంగు అంటుకుని ఉంది, అంటే అది తలుపుకు అంటుకున్న వైపు. నల్ల మార్కరుతో రాత.

"18 × 24, రెండు. గాలి సందులన్నీ మూయాలి. గట్టిగా అతికించాలి." కింద సంతకం, తేదీ.

సంతకం నాది. తేదీ నేను కంపెనీలో చేరిన రెండో వారంది.

అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆ వారం బల్లి ఒకటి ప్యానెల్‌లోకి దూరి, రెండు ఫేజుల మధ్య పడి పేలింది. కంపెనీ మొత్తం చీకటైంది. కొత్తగా వచ్చిన నేను వణికిపోయి, రంధ్రం కనబడితే చాలు మూయమన్నాను. నేనే కొలిచాను, నేనే అట్ట మీద రాశాను, కత్తిరించేవాడికి నేనే ఇచ్చాను. అతికించింది మాత్రమే కాక. ఆ తర్వాత మరిచిపోయాను. మొన్న సారు ముందు ఆ మాట అన్నప్పుడు కూడా గుర్తు రాలేదు, నా కోపం నన్ను గుర్తు తెచ్చుకోనివ్వలేదు.

"కాకా, ఇది నేను చెప్తేనే గదా నువ్వు పెట్టినవ్?"

"ఆఁ."

"మరి మొన్న సారు ముందట ఎందుకు చెప్పలే?"

ఆయన స్పానర్ తుడుచుకుంటూ, "చెప్పి ఏంజేస్తం? నువ్వు కొత్తగ వచ్చినవ్ అప్పుడు, బుగులు వడ్డవ్. చెప్పింది నువ్వే గని పెట్టిన చేతులు నావే గదా" అన్నాడు. స్పానర్ పెట్టెలో పెట్టి, "ఇద్దరి నౌకరి ఎందుకు పోవాలె" అన్నాడు.

ఆయనకు ఆ అట్ట మీద ఏం రాసి ఉందో తెలియదు. కేవలం అట్ట అని తెచ్చి వేశాడు. నేను దాన్ని తీసి పక్కన పెట్టి, నూనెలోనే మోకాళ్లూని తీగలు మార్చాను. కళ్లు మండుతుంటే చెమట అని చెప్పాను.

సోమవారం షిఫ్టు మొదలైంది. అందరికంటే ముందు ఇద్దరం కంట్రోలర్ దగ్గర. 0.94. 0.95. మిషన్లన్నీ అందుకున్నాయి. 0.97! కాక నా వీపు మీద గట్టిగా చరిచాడు, మెడ నొప్పి మూడు రోజులుంది. చిన్న మోటార్లు గుర్రుమని హాయిగా తిరుగుతున్నాయి. ఒక్కటీ వేడెక్కలేదు, కాక గంటకోసారి పోయి అరచెయ్యి పెట్టి చూసొచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళ లోడు తగ్గింది. అప్పుడు చూశాను, ఐదో దీపం తనంతట తాను ఆరిపోయింది. రెండున్నరేళ్లలో ఆ ప్యానెల్ మీద ఒక దీపం ఆరడం నేను చూడలేదు. అవసరం లేదని తీసేసింది. చాలకనే అన్నీ ఎప్పుడూ వెలుగుతూ ఉండేవన్నమాట. ఆ ఆరిన దీపాన్ని చూసి నేను పడిన సంతోషం ఎవరికి చెప్పినా పిచ్చిదాన్నంటారు.

ఆఖరి వారం ఏడు రోజులూ మీటరు గది ముందు నేను పహరా కాశాను. ఆఖరి రోజు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, తేడాలు తీసి భాగారం చేస్తే 0.97. ఫోనులో మూడుసార్లు చేశాను, కాగితం మీద ఒకసారి.

ఇద్దరం ఆఫీసుకు పోయాము. సారు అంకె చూసి కుర్చీలోంచి లేచారు. "శభాష్ అమ్మా! శభాష్!" అని నా చెయ్యి ఊపారు. కూర్చున్నాక, సొరుగులోంచి ఆ ఒప్పందం మళ్లీ తీశారు. "నిన్ను ఇంచార్జి చేస్త. కాని పెద్దాయన సంగతి వేరు. మోటర్ల సంగతి ఇడిసిపెడ్త, ఆ చిన్నయి దాచిపెట్టింది కూడ ఆయనే కాబట్టి. కాని ప్యానెల్ గాలి మూసుడు చిన్న తప్పు గాదు. అంటుకుంటే షెడ్డంత అట్టనే. అసుంటి మనిషిని ప్యానెల్ దగ్గర ఉంచలేను."

కాక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సరే సార్" అన్నాడు. అంతే. నావైపు చూడను కూడా లేదు.

ఆ ఆదివారం నుంచీ నేను ఆ అట్టను నా బీరువాలో పెట్టుకున్నాను. చెప్పాలని రోజూ అనుకున్నాను, అంకె వస్తే సారు అన్నీ మరిచిపోతారులే అని రోజూ దాటేశాను. అంత రోషం ఉన్నదాన్ని, నా తప్పు దగ్గరకొచ్చేసరికి పిల్లినయ్యాను. అయినా ఎందుకో ఆ రోజు దాన్ని చుట్టి చేతిలో పట్టుకునే వచ్చాను. ఇప్పుడు దాన్ని ఒప్పందం కాగితాల మీద పరిచాను.

"చదవండి సార్."

సారు చదివారు. సంతకం దగ్గర ఆగి, అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని చదివారు.

"మూయమన్నది నేను సార్. కాక అతికించిండు, అంతే. రోజు దీపాలు చూసి ఓకే అని రాసింది కూడ నేనే. నేను పుస్తకంల ఒక్కనాడన్న నిజం రాసుంటే మూడు నెలల కిందనే దొరుకుతుండె. తీసేస్తే నన్ను తీసెయ్యుండి."

కాక "బిడ్డా, ఊకో" అని నా మోచెయ్యి పట్టి లాగుతున్నాడు. సారు అట్టమీంచి తలెత్తారు. తర్వాత కాకను అడిగారు. "మొన్న అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరు ఎవరు మూసిండ్రని చూసిండ్రు సార్. ఎవరు మూయమన్నరని అడగలే."

సారు నవ్వలేదు. కోప్పడనూ లేదు. ఒప్పందం కాగితాలను అట్ట కిందినుంచి లాగి, సొరుగులో వేసి మూసేశారు. "ఇద్దరు పొండి. సందులు తెరిచే ఉన్నయి గదా, మళ్ల బల్లి పడ్తది. జాలీ కొట్టియ్యుండి, గాలి ఆడేటట్టు. ఇగ దీపాలు చూసుడు బంద్, వారానికోసారి మీటరు పెట్టి ఆంపియర్లు రాయి" అన్నారు. అట్టను నా చేతికి తిరిగి ఇచ్చారు.

మెట్లు దిగాక నేను అక్కడే కూర్చున్నాను. క్షమించమని అడుగుదామని తల తిప్పాను. కాక అప్పటికే నా పక్కన కూర్చున్నాడు. జేబులోంచి టేపు తీశాడు, నా మార్కరు నా చేతిలో పెట్టాడు.

"జాలీ ఎంత సైజు కావాలెనో రాసియ్యి, కత్తిరిస్త. ఈసారి తలుపు బయటి దిక్కు రాయి బిడ్డా, రోజు కనవడేటట్టు."